బాట్ చేసే పని, చేయలేని పని: ఖాతాదారులకు మేము రాసిన ఉత్తరం

(తిరుపతిలో చిన్న ట్రావెల్స్ యజమానుల సమావేశంలో ఒక యజమాని చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మా ట్రావెల్స్ వాట్సాప్ నంబరుకు వచ్చే సందేశాలకు ఇకమీదట మొదటి జవాబు చాట్‌బాట్ ఇస్తుందని తెలియజేస్తూ మా ఖాతాదారులకు ఒక ఉత్తరం రాశాము. ఆ ఉత్తరాన్ని ఇక్కడ చదివి, అందులోని మాటలను ఎందుకు అలా రాయవలసి వచ్చిందో వివరించమని నిర్వాహకులు కోరారు. చాట్‌బాట్‌ను ఎవరి దగ్గర తీసుకోవాలి, నెలకు ఎంత అవుతుంది అనేవి ఈ రోజు నేను మాట్లాడే విషయాలు కావు. వాటిని చెప్పేందుకు అమ్మేవాళ్లు మన ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఖాతాదారుకు ఏమి చెప్పాలో మాత్రం వాళ్లు చెప్పరు, చెప్పినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

ఉత్తరం మొదటి పేరా ఇది: "మా ఖాతాదారులకు నమస్కారం. మా వాట్సాప్ నంబరుకు మీరు పంపే సందేశాలకు ఇకపై మొదట జవాబిచ్చేది మనిషి కాదు, చాట్‌బాట్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము. అది మీ ప్రయాణ వివరాలు అడిగి తెలుసుకుంటుంది, బాడుగ ఎంతో చెబుతుంది, బండి ఖాళీ ఉంటే బుక్ చేస్తుంది. ఈ మూడు పనులు మినహా మిగిలినవన్నీ మునుపటిలాగే మా ఆఫీసులోని మనుషులే చూస్తారు."

యంత్రమని మొదటి వాక్యంలోనే చెప్పాము. దానికి ఒక అమ్మాయి పేరు పెట్టి, నవ్వుతున్న ఫోటో పెట్టి, 'నేను మీకు ఎలా సహాయపడగలను' అనిపిస్తే బాగుంటుందని అమ్మినవాళ్లు సలహా ఇచ్చారు. స్వామి పేరు పెడదామని మా ఇంట్లో ఒకరు అన్నారు. రాత్రిపూట బండి ఆలస్యమైతే జనం దానిని ఏమని తిడతారో మనకు తెలుసు కనుక ఆ ఆలోచనను అక్కడే ఆపేశాము. పేరు లేదు, ఫోటో లేదు. మనిషితో మాట్లాడుతున్నానని నమ్మిన ఖాతాదారు, తాను చెప్పకపోయినా అవతలి వ్యక్తి కొంత ఊహించుకుంటాడని అనుకుంటాడు. 'పోయినసారి వచ్చిన డ్రైవరునే పంపండి' అని ఒక్క మాట రాసి నిశ్చింతగా ఉండిపోతాడు. అవతల ఉన్నది యంత్రమని తెలిస్తే నాలుగు వివరాలు తానే విడమరచి రాస్తాడు. మాకు దీని వల్ల కలిగే ఉపయోగం అది.

ఇక రెండవ పేరా. నా దృష్టిలో ఉత్తరం మొత్తానికీ బరువైన మాట ఇందులోనే ఉంది. "బాట్‌తో జరిగే సంభాషణ విచారణ మాత్రమే. మీ ప్రయాణం ఖాయమైనట్టు మేము ఇచ్చే మాట ఒక్కటే: బుకింగ్ నంబరు, తేదీ, గంట, ఎక్కే చోటు, బండి రకం, మొత్తం బాడుగ ఉన్న సందేశం. ఆ సందేశం మీకు అందిన తర్వాత అందులో రాసిన బాడుగ మా పొరపాటు వల్ల తక్కువగా పడి ఉన్నా, మేము దానికే కట్టుబడి ఉంటాము."

ఈ చివరి వాక్యం చదివి మీలో కొందరు ముఖం చిట్లించడం కనిపిస్తూనే ఉంది. చాలామంది రాసే వాక్యం దీనికి పూర్తిగా తలకిందులు: 'బాట్ ఇచ్చే సమాచారానికి సంస్థ ఎటువంటి బాధ్యత వహించదు.' ఆ వాక్యం రాస్తే ఒడ్డున పడ్డామని అనుకోవడం పొరపాటు. కెనడాలో ఎయిర్ కెనడా విమాన సంస్థకు ఈ విషయంలోనే ఎదురుదెబ్బ తగిలింది. 2022 నవంబరులో అవ్వ చనిపోయిన ఒక ప్రయాణికుడు, దగ్గరి బంధువులు మరణించినప్పుడు ఇచ్చే తగ్గింపు ధర గురించి ఆ సంస్థ వెబ్‌సైటులోని చాట్‌బాట్‌ను అడిగాడు. ముందు మామూలు ధరకు టికెట్ కొని, 90 రోజుల లోపు తగ్గింపునకు దరఖాస్తు చేసుకోవచ్చని అది చెప్పింది. ప్రయాణం ముగిసిన తర్వాత తగ్గింపు ఇవ్వడం కుదరదని అదే వెబ్‌సైటులో మరొక పేజీలో రాసి ఉంది. డబ్బు అడిగితే సంస్థ ఇవ్వనంది. ట్రైబ్యునల్ ముందుకు వెళ్లినప్పుడు, చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యురాలైన వేరే వ్యక్తి వంటిదన్న అర్థం వచ్చే వాదన కూడా చేసింది. 2024 ఫిబ్రవరిలో ట్రైబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చి, వెబ్‌సైటులో ఉన్న సమాచారం పేజీలో ఉన్నా బాట్ నోట వచ్చినా బాధ్యత సంస్థదేనని తేల్చి, వడ్డీ, ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమంది.

అది కెనడా తీర్పు, మన కోర్టులను కట్టిపడేసేది కాదు. అయినా మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా సేవ గురించి తప్పుదారి పట్టించే మాట చెప్పడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. ఆ మాట గుమాస్తా చెప్పాడా, యంత్రం చెప్పిందా అని ఖాతాదారు ఎందుకు పట్టించుకోవాలి? ఆఫీసులో మన కుర్రవాడు ఫోనులో ఒక బాడుగ చెప్పి అడ్వాన్సు కూడా తీసుకున్న తర్వాత, 'వాడు చెప్పినదానితో నాకు సంబంధం లేదు' అని మనం అనలేము కదా. అందుకే బాధ్యత వదులుకునే వాక్యం రాయలేదు. బాధ్యత ఏ గీత దగ్గర మొదలవుతుందో స్పష్టంగా గీసి, ఆ గీతకు ఇవతల ఉన్నదంతా మాదేనని రాశాము.

అలా రాసే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, బాడుగ లెక్క కట్టేది చాట్‌బాట్‌లోని మాటలు అల్లే భాగం కాదు. దీనిని కొంచెం వివరంగా చెబుతాను. ఇప్పుడు వస్తున్న బాట్‌ల వెనుక భాషా నమూనా అనేది ఒకటి ఉంటుంది. కోట్ల కొద్దీ వాక్యాలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే సహజంగా ఉంటుందో పట్టుకుని జవాబు అల్లుతుంది. మనవాళ్లు ఎంత వంకరగా రాసినా అర్థం చేసుకోవడంలో అది దిట్ట. లెక్కకు, నిజానికి మాత్రం దానిని నమ్మకూడదు. అందువల్ల మా దగ్గర పని రెండుగా విడగొట్టించాము. ఖాతాదారు రాసిన వాక్యంలో నుంచి ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎప్పుడు, ఎంతమంది అనే నాలుగు వివరాలు ఏరేది భాషా నమూనా. ఆ నాలుగింటినీ తీసుకుని మా బాడుగల పట్టికలో చూసి మొత్తం చెప్పేది మామూలు ప్రోగ్రాము. పట్టికలో లేని ప్రయాణానికి బాడుగ రాదు, 'ఆఫీసు నుంచి చెబుతారు' అన్న సందేశమే వెళుతుంది. కాణిపాకం దాకా అయితే పట్టికలో ఉంది. అక్కడి నుంచి వేలూరు దగ్గరి శ్రీపురం బంగారు గుడికి పోదామంటే తమిళనాడు పర్మిట్ ఖర్చు, ఆలస్యమైతే రాత్రి డ్రైవరు బత్తా వచ్చి చేరతాయి కనుక అది మనిషి చూసి చెప్పవలసిందే.

బేరం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 'ఇంకో రెండు వందలు తగ్గించండి' అనని ఖాతాదారు మనకు ఉండడు. భాషా నమూనా సహజంగా ఎదుటివాడికి నచ్చేలా మాట్లాడే రకం. పట్టుబట్టి నాలుగుసార్లు అడిగితే సరేననే అవకాశం ఉంటుంది. 2023 చివరలో అమెరికాలో ఒక కార్ల దుకాణం బాట్ చేత కొత్త కారును ఒక్క డాలరుకు ఇస్తానని ఒకరు సరదాకు అనిపించి, ఆ సంభాషణను అందరికీ చూపించారు. అందుకే ఉత్తరంలో, "బాట్‌తో బేరమాడవద్దని మనవి, బాడుగ తగ్గించే అధికారం దానికి లేదు, గుంపుగా వెళ్లేవారు, తరచుగా వచ్చేవారు తగ్గింపు కోసం ఆఫీసుకు ఫోను చేయండి" అని రాశాము.

ఇప్పుడు మూడవ పేరాకు వస్తాను. మేము అన్నిటికంటే ఎక్కువ కసరత్తు చేసింది దీని మీదే. "రాత్రి పన్నెండు దాటిన తర్వాత మీకు బండి కావలసి ఉంటే, బాట్ తేదీని మళ్లీ అడుగుతుంది. విసుక్కోకుండా చదివి, అవునో కాదో చెప్పండి."

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. అనంతపురం నుంచి వచ్చే ఒక కుటుంబం ఇలా రాసిందనుకోండి: 'మార్చి 14 శనివారం రాత్రి ఒంటిగంటన్నరకు తిరుపతిలో దిగుతాము, అయిదుగురం, కొండకు పోవాలి, కారు కావాలి.' మనలో ఎవరికైనా ఇది అర్థమవుతుంది. శనివారం పగలు గడిచి, భోజనాలయ్యాక వచ్చే రాత్రి ఒంటిగంటన్నర. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది కనుక మన నాలుక మీద అది ఇంకా శనివారమే. రైల్వే గడియారానికీ కంప్యూటరుకూ మాత్రం పన్నెండు దాటగానే ఆదివారం, అంటే మార్చి 15. బాట్ ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే 14వ తేదీ 1 గంట 30 నిమిషాలకు బండి రాస్తుంది. అది శుక్రవారం రాత్రి గడిచి శనివారం తెల్లవారబోయే వేళ. డ్రైవరు సరిగ్గా ఇరవైనాలుగు గంటల ముందు స్టేషనుకు వెళ్లి కూర్చుంటాడు, కుటుంబం వచ్చిన రాత్రి బండి ఉండదు. దీనికి తోడు, 'రాత్రి' అనే మాటను పట్టించుకోకుండా 1:30ని పగలు ఒంటిగంటన్నరగా పట్టుకునే ప్రమాదం ఇంకొకటి.

ఈ తప్పు ఒకరోజు ముందుగానో వెనుకగానో బయటపడేది కాదు. బుకింగ్ సందేశంలో '14 మార్చి 01:30' అని ఉంటే ఖాతాదారు చూసి సరిగానే ఉందనుకుంటాడు, ఎందుకంటే తాను రాసిన అంకెలే అక్కడ కనబడతాయి. రెండు వైపులా ఒకే అంకెలు చూస్తూ, రెండు వేర్వేరు రాత్రులను తలచుకుంటూ ఉంటారు. అంకెలను మళ్లీ అంకెల్లోనే అడిగితే ఈ ముడి విడదు. అందుకని అర్ధరాత్రి పన్నెండు నుంచి ఉదయం అయిదు దాకా ఉన్న వేళకు బాట్ అడిగే ప్రశ్నను మాటల్లో పెట్టించాము: 'మీరు దిగేది శనివారం పగలు గడిచిన తర్వాత వచ్చే రాత్రి, ఆదివారం తెల్లవారకముందు. అంటే క్యాలెండరులో మార్చి 15. ఇది సరేనా?' సరేనంటేనే ముందుకు వెళుతుంది. అలాగే 'టికెట్ మీద ఉన్న రైలు నంబరు చెప్పండి' అని అడుగుతుంది. టికెట్ మీద పెద్దగా కనిపించేది రైలు ఎక్కే తేదీ, దిగేది మరునాడు కావచ్చు. నంబరు ఉంటే ఆఫీసులో మేము ఒకసారి సరిచూసుకోవచ్చు.

అదే సందేశంలో ఇంకా రెండు మెలికలున్నాయి. 'తిరుపతిలో దిగుతాము' అన్నారు. ముంబయి, చెన్నై మార్గంలో పోయే కొన్ని రైళ్లు తిరుపతికి రావు, రేణిగుంటలో ఆగి వెళ్లిపోతాయి. తిరుపతి యాత్రకు వచ్చేవారు రేణిగుంటలో దిగినా తిరుపతిలో దిగామనే అంటారు. రెండింటి మధ్య దూరం పది కిలోమీటర్లే, అయినా అర్ధరాత్రి పిల్లలతో, సామానుతో ప్లాట్‌ఫారం బయట నిలబడినవారికి అది చిన్న దూరం కాదు. కనుక బాట్ స్టేషను పేరు విడిగా అడుగుతుంది. రెండవది, అయిదుగురికి చిన్న కారు సరిపోదు. అందులో డ్రైవరు కాక నలుగురికే చోటు. ఒడిలో కూర్చునే పిల్లలున్నారా, అందరూ పెద్దవాళ్లేనా అన్నది తెలియాలి. ఉత్తరంలో, "మనుషుల లెక్కలో పిల్లలను కూడా కలిపి చెప్పండి" అన్న వాక్యం అందుకే.

ఆ వేళకు రేణిగుంటలో దిగినవారు వెంటనే కొండకు పోదామంటే మరొక అడ్డంకి ఉంది. మామూలు రోజుల్లో అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసి ఉంటుంది. బ్రహ్మోత్సవాల వంటి రద్దీ రోజుల్లో వేళలు మారతాయి. ఇక్కడి నుంచే ఉత్తరంలో 'చేయలేని పనులు' మొదలవుతాయి.

నాలుగవ పేరా చదువుతాను. "ఘాట్ రోడ్డు తెరిచి ఉందా, నడకదారి వేళలేమిటి, దర్శనానికి ఎన్ని గంటలు పడుతుంది, ఈ రోజు కొండ మీద గదులు దొరుకుతాయా వంటి ప్రశ్నలకు మా బాట్ జవాబు చెప్పదు. ఇవి తిరుమల తిరుపతి దేవస్థానం ఎప్పటికప్పుడు నిర్ణయించే విషయాలు. దేవస్థానం అధికారిక వెబ్‌సైటులో చూడండి, లేదా ప్రయాణం రోజు మా డ్రైవరును అడగండి. మేము దర్శనం టికెట్లు అమ్మము, ఇప్పించము. మా పేరుతో ఎవరైనా టికెట్లు ఇస్తామంటే నమ్మవద్దు."

చెప్పదు అని రాశాము, చెప్పడం చేతకాదు అని కాదు. అడిగితే చెప్పగలదు, చక్కగా నమ్మకం కలిగించేలా చెబుతుంది, చిక్కు అక్కడే ఉంది. తిరుమల గురించి ఇంటర్నెట్‌లో పదేళ్ల కిందటి రాతలు కూడా బోలెడు ఉన్నాయి. భాషా నమూనా వాటన్నిటినీ చదివి ఉంటుంది, అందులో ఏది పాతది, ఏది ఇప్పటిది అన్న గుర్తు జవాబులో ఉండదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడి జరిగిన తర్వాత పిల్లలను ఆ దారిలో అనుమతించే వేళలను మార్చారు. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర వాహనాలకు ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. 2021 డిసెంబరు 1న తెల్లవారుజామున ఎగువ ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. ఇటువంటివి జరిగిన రోజు మన డ్రైవర్ల గ్రూపులో పది నిమిషాల్లో కబురు తిరుగుతుంది. బాట్‌కు ఆ గ్రూపు లేదు. ఎవరో ఒకరు కూర్చుని దానికి ఇచ్చిన కాగితాన్ని దిద్దితే తప్ప దానికి తెలియదు, దిద్దేవాడు కూడా ఆ సమయానికి నిద్రలో ఉంటాడు.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవద్దని దానికి సూచన రాసి ఇస్తే చాలదా అని మీరు అడగవచ్చు. రాసి ఇచ్చాము. అయినా సూచనను అది నూటికి నూరుసార్లు పాటించదు. సూటిగా 'ఘాట్ రోడ్డు ఎన్నింటికి తెరుస్తారు' అంటే తెలియదంటుంది. 'మూడున్నరకు అలిపిరి చేరితే సరిపోతుందా' అని ప్రయాణ వివరాల మధ్యలో దూర్చి అడిగితే 'సరిపోతుంది' అనేస్తుంది. పరీక్ష చేయడానికి మా డ్రైవర్లనే కూర్చోబెట్టాము. ఖాతాదారులు నిజంగా ఎలా అడుగుతారో వాళ్లకు తెలిసినట్టు అమ్మినవాళ్లకు తెలియదు. అందువల్ల రెండవ కాపలా ఉత్తరమే. బాట్ ఈ విషయాల మీద జవాబిస్తే దానిని పట్టించుకోవద్దని ఖాతాదారుకు ముందే తెలిసి ఉండాలి.

దర్శనం టికెట్ల సంగతి మీకు విడమరచనక్కరలేదు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానం ముందుగానే ఆన్‌లైనులో విడుదల చేస్తుంది, అవి క్షణాల్లో అయిపోతాయి, దొరకనివాళ్లు మనను అడుగుతారు. బాట్ మర్యాద కోసం 'ప్రయత్నిస్తాము' అన్నదనుకోండి, ఆ ఒక్క మాట పట్టుకుని ఒక కుటుంబం రైలెక్కుతుంది. ఆ మాటను ఫోటో తీసి దళారి ఒకడు వాడుకోవచ్చు కూడా. అందుకని 'దర్శనం', 'టికెట్', 'సేవ' అన్న మాటలు సందేశంలో కనిపిస్తే భాషా నమూనా దాకా పోనివ్వకుండా, ముందే రాసి పెట్టిన ఒకే జవాబు వెళ్లేట్టు చేయించాము. కొండ గురించిన జవాబులు వంద రకాలుగా రావచ్చు గాని, ఈ ఒక్క జవాబు ఒకే రకంగా ఉండాలి. దీని వల్ల 'రైలు టికెట్' అన్నవారికి కూడా అప్పుడప్పుడు దర్శనం జవాబు వెళుతుంది. కొంచెం నవ్వులాటగా ఉంటుంది, ఉండనివ్వండి.

డబ్బు గురించి ఉత్తరంలో రాసిన మాటలు ఇవి: "బాట్ మిమ్మల్ని ఓటీపీ గాని యూపీఐ పిన్ గాని ఎన్నడూ అడగదు. అడ్వాన్సు చెల్లించేటప్పుడు మీ ఫోను తెర మీద మా ట్రావెల్స్ పేరు కనిపిస్తేనే పంపండి. ప్రయాణం రద్దయితే డబ్బు మీరు పంపిన ఖాతాకే తిరిగి వస్తుంది. అందుకు మీరు ఏ క్యూఆర్ కోడ్‌నూ స్కాన్ చేయనక్కరలేదు. మోసపోయామని అనుమానం వస్తే వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, తర్వాత మాకు చెప్పండి." డబ్బు రావడానికి పిన్ కొట్టవలసిన పని లేదన్న సంగతి చదువుకున్నవారికి కూడా కంగారులో గుర్తురాదు. బాట్ వచ్చిందని మనం ప్రకటించిన మరునాటి నుంచే, మన బాట్‌లా మాట్లాడే ఇంకొక నంబరు పుట్టవచ్చు. దానికి అడ్డుగా మేము పంపే సందేశాలు రెండే రకాలని కూడా రాశాము: బుకింగ్ ఖాయమైనప్పుడు ఒకటి, ప్రయాణానికి ముందురోజు గుర్తుచేస్తూ ఒకటి. ఖాతాదారు చివరి సందేశం పంపి 24 గంటలు దాటితే, వ్యాపారులు వాట్సాప్ ముందుగా ఆమోదించిన మూసలోనే సందేశం పంపగలరు. కనుక మా ముందురోజు సందేశం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఆ నమూనాను ఉత్తరం వెనుక అచ్చు వేయించాము.

వివరాల భద్రత గురించి ఒక్క అలవాటును మాత్రం ప్రస్తావిస్తాను. లాడ్జీలు అడుగుతాయి కాబట్టి, మనవాళ్లు బండి బుక్ చేసేటప్పుడు కూడా ఇంటిల్లిపాది ఆధార్ ఫోటోలు పంపేస్తారు. బండికి అవి అక్కరలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ పని కోసం వివరాలు తీసుకుంటున్నామో ఆ పనికి కావలసినవే తీసుకోవాలి. మాకు కావలసినవి పేరు, ఫోను నంబరు, ఎక్కే చోటు, మనుషుల లెక్క. "ఆధార్ కార్డులు, దర్శనం టికెట్ల ఫోటోలు దయచేసి పంపవద్దు, పొరపాటున పంపితే మా ఆఫీసువారు చూసిన వెంటనే తొలగిస్తారు" అని రాశాము. బాట్ నడిపే కంపెనీ దగ్గర కూడా ఈ సంభాషణలు నిలువ ఉంటాయన్న సంగతి దాచకుండా చెప్పాము. అది రాయవద్దని అమ్మినవాళ్లు కొంత నసిగారు.

చివరి పేరా మనుషుల గురించి. "ఎప్పుడైనా 'మనిషి' అని ఒక్క మాట రాసి పంపితే బాట్ పక్కకు తప్పుకుంటుంది. ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా ఆఫీసులో మనిషి ఉంటారు. ఆ తర్వాత పంపినవాటికి ఉదయమే జవాబు వస్తుంది. ప్రయాణంలో ఉన్నవారు బండి చెడిపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా, సామాను మరచినా బాట్‌కు రాయవద్దు. బుకింగ్ సందేశంలో ఉన్న డ్రైవరు నంబరుకు, యజమాని నంబరుకు ఫోను చేయండి. వాయిస్ మెసేజ్‌లను బాట్ వినదు, అవి నేరుగా ఆఫీసుకే వస్తాయి."

'ఇరవైనాలుగు గంటల సేవ' అని రాయలేదు. బాట్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, నిజమే. కాని అర్ధరాత్రి కుక్కలదొడ్డి దగ్గర టైరు పంచరైనవాడికి కావలసింది ఇంకో బండిని పంపగలిగే మనిషి. బాట్ 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని ఎంత మర్యాదగా రాసినా ఆ కుటుంబానికి ఒళ్లు మండుతుంది. ఆ మనిషి లేని గంటలు ఏవో ముందే రాసి, ఆ గంటల్లో ఎవరికి ఫోను చేయాలో చెప్పాము. యజమాని నంబరు ఇవ్వడం అవసరమా అని మా అబ్బాయి వాదించాడు. చిన్న వ్యాపారంలో అవసరమేనని నా అభిప్రాయం. పెద్ద కంపెనీ దగ్గర దొరకనిది మన దగ్గర దొరికేది అదొక్కటే.

'మనిషి' అన్న మాటను కూడా తమిళంలో, కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో పనిచేసేలా పెట్టించాము. చిత్తూరు, వేలూరు వైపు ఖాతాదారులు ఒకే వాక్యంలో సగం తమిళం, సగం తెలుగు రాస్తారు. బాట్ దానిని బాగానే అర్థం చేసుకుంటుంది, తిరిగి ఏ భాషలో జవాబివ్వాలో మాత్రం తడబడుతుంది. ఉత్తరాన్ని నాలుగు భాషల్లో వేయించాము. తమిళ ప్రతిని బాట్ చేత అనువాదం చేయించకుండా, తమిళం బాగా వచ్చిన మా డ్రైవరు చేత చదివించి దిద్దించాము. తేదీల పేరాలో రెండు చోట్ల మార్పులు పడ్డాయి.

ఉత్తరం కింద బాట్ పేరు లేదు, నా పేరు, సంతకం, తేదీ ఉన్నాయి. బాడుగల పట్టిక మారినా, బాట్‌కు కొత్త పని అప్పగించినా, కొత్త తేదీతో ఉత్తరం మళ్లీ వేస్తాము. వాట్సాప్‌లో అందరికీ పంపడంతో పాటు ఒక్కో ప్రతిని బండిలో డ్రైవరు సీటు వెనుక, ప్రయాణికుల కళ్ల ఎదుట అతికించాము. ప్రతులు కొన్ని తెచ్చాను, బల్ల మీద ఉన్నాయి. మీ వ్యాపారానికి తగినట్టు మార్చుకోవచ్చు, అయితే బుకింగ్ నంబరు పేరాను యథాతథంగా వాడుకునేవారు ముందుగా తమ బాట్ బాడుగను పట్టిక నుంచి తీస్తుందో, సొంతంగా చెబుతుందో అమ్మినవాళ్లను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. సొంతంగా చెప్పేదైతే ఆ పేరా మీద సంతకం పెట్టకండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.